పది అంకెల్లో ముగిసే పని: ఆటిజం ఉన్న పిల్లలను పళ్ల డాక్టర్ కుర్చీకి అలవాటు చేయడం

కుర్చీ కింద మోటారు సన్నగా గుర్రుమంటుంది. వీపు వెనక ఉన్న ఆసరా కదిలి వెనక్కి పోతుంది, కాళ్లు పైకి లేస్తాయి, తల కిందికి జారిపోతున్నట్లు ఉంటుంది. ఎదురుగా ఉన్న గోడ కనుమరుగై పైకప్పు వస్తుంది, దాని నడుమ నుంచి ఒక దీపం నేరుగా కళ్లలో పడుతుంది. పెద్దవాళ్లు ఈ కొద్ది క్షణాలను పట్టించుకోరు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి అసలు పరీక్ష ఇదే. డాక్టర్ ఇంకా నోరు తెరవమని అడగకముందే బిడ్డ కుర్చీ దిగి తలుపు వైపు పరుగెత్తితే, పళ్లంటే భయమనో మొండితనమనో అనుకుంటారు. భయపెట్టింది ఒరిగిన కుర్చీ అయి ఉండవచ్చు. ఏది భయపెట్టిందో తెలియకుండా చేసే సన్నాహం ఏదైనా గాలిలో దీపమే.

ఆటిజం ఉన్న పిల్లల ఇంద్రియాలు అందరిలా స్పందించకపోవచ్చు. అందరికీ మామూలుగా అనిపించే చప్పుడు ఒక బిడ్డకు చెవిలో సూది దిగినట్లు ఉంటుంది. మరో బిడ్డకు అదే చప్పుడు వినసొంపుగా ఉంటుంది కానీ, పెదవి మీద వేలు తగిలితే చాలు ఒళ్లంతా జలదరిస్తుంది. పళ్ల డాక్టర్ గది ఇవన్నీ ఒక్కచోట చేరిన గది: డ్రిల్ కీచుమనే శబ్దం, ఉమ్మిని పీల్చే గొట్టం చేసే గరగర, చేతి తొడుగుల రబ్బరు వాసన, మందుల ఘాటు, అద్దం చల్లదనం, పుదీనా రుచి ఉన్న పేస్టు మంట. వీటిలో తమ బిడ్డకు పడనివి ఏవో తెలుసుకోవడానికి డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా ఆగనక్కరలేదు, ఇంట్లోనే ఆనవాళ్లు దొరుకుతాయి. తలస్నానం చేయించేటప్పుడు తల వెనక్కి వంచితే గింజుకునే బిడ్డకు కుర్చీ కష్టమవుతుంది. జుట్టు కత్తిరించే మిషన్ చప్పుడుకు చెవులు మూసుకునే బిడ్డకు డ్రిల్, పీల్చే గొట్టం కష్టమవుతాయి. ముందు పళ్ల దాకా బ్రష్ ఒప్పుకొని, దవడ పళ్ల దగ్గరికి రాగానే నోరు మూసేసే బిడ్డకు అద్దం కష్టమవుతుంది. ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కు ముందుగా పంపితే, పేజీల కొద్దీ రిపోర్టుల కన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

గదిని మార్చితే ఫలితం ఉంటుందా అన్నదానికి గట్టి ఆధారమే ఉంది. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య వయసున్న, ఆటిజం ఉన్న 162 మంది పిల్లలతో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో చేసిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. ఒక్కో బిడ్డకు రెండుసార్లు పళ్లు శుభ్రం చేశారు, ఒకసారి మామూలు గదిలో, మరోసారి మార్చిన గదిలో. మార్పులు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కాదు. పైదీపాలు ఆపి, కిటికీలకు మందపాటి తెరలు వేసి, డాక్టర్ తలకు కట్టుకునే చిన్న దీపంతో పని చేశారు. పైకప్పు మీద నెమ్మదిగా కదిలే బొమ్మలు, మెల్లని సంగీతం పెట్టారు. బిడ్డ ఒంటిని హత్తుకుని అదిమి ఉంచే ఏర్పాటు చేశారు, ఎక్స్‌రే తీసేటప్పుడు కప్పే బరువైన కవచం కూడా అందుకు పనికొచ్చింది. మార్చిన గదిలో పిల్లల చర్మం మీద కొలిచిన ఒత్తిడి సూచనలు, పైకి కనిపించే బాధ రెండూ తగ్గాయి. ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. అది పళ్లు శుభ్రం చేసే సందర్భం. డ్రిల్ పెట్టి పుచ్చు తీసేటప్పుడు కూడా ఇంతే మేలు జరుగుతుందని దీన్ని బట్టి చెప్పలేం.

గది ఎంత ప్రశాంతంగా ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది: ఇది ఎప్పుడు ముగుస్తుంది? నోట్లో ఎవరిదో వేలు ఉన్నప్పుడు పెద్దవాళ్లు ‘ఇంకో రెండు నిమిషాలేలే’ అనుకొని ఓర్చుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ముగింపు కనిపించని పని అంతులేని పని. ‘అయిపోయింది, అయిపోయింది’ అని డాక్టర్ ఐదుసార్లు అన్నా అవ్వకపోతే, ఆ మాటకే విలువ పోతుంది. అందుకే ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్లు ప్రతి పనినీ పది అంకెల్లో ఇముడుస్తారు. సెకనుకు ఒకటి చొప్పున పైకి లెక్కపెడతారు. పది అనగానే చెయ్యి నోట్లోంచి బయటికి వస్తుంది. పని మిగిలిపోయినా వస్తుంది. కాసేపు ఊపిరి పీల్చుకున్నాక, ‘ఇంకో పది’ అని చెప్పి మళ్లీ మొదలుపెడతారు.

చూడడానికి ఇది చిన్న కిటుకే కానీ, పట్టుగా పాటించడం కష్టం. ఏడు, ఎనిమిది అంటూ వచ్చి, పని కాస్త మిగిలిందని ‘తొమ్మిది... తొమ్మిదిన్నర...’ అని సాగదీయడం పెద్దవాళ్ల అలవాటు. బిడ్డ దాన్ని పసిగడుతుంది. ఒక్కసారి అలా సాగదీస్తే అప్పటిదాకా సంపాదించిన నమ్మకం చేజారిపోతుంది. అలాగే బిడ్డ నాలుగు దగ్గర గట్టిగా అరిచిందని చెయ్యి వెంటనే తీసేస్తే, అరిస్తే ఆగుతుందన్న పాఠం మిగులుతుంది. నొప్పి పుట్టినా, బిడ్డ నిజంగా బెదిరినా ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. అలాంటి పరిస్థితి రాకుండా ఉండాలంటే మొదటి పది అంకెల్లో బిడ్డ కచ్చితంగా ఓర్చుకోగల పనినే పెట్టుకోవాలి. మాటలు రాని బిడ్డకు ఆపమని చెప్పే సైగ కూడా ముందే నేర్పాలి. చెయ్యి ఎత్తితే ఆపుతారని ఇంట్లో నాలుగుసార్లు రుజువైతేనే ఆ సైగను అక్కడ వాడుతుంది.

సన్నాహం ఎలా సాగుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఏడేళ్ల బాబు. కొద్ది మాటలే మాట్లాడతాడు, అంకెలు బాగా వచ్చు, లిఫ్టులంటే ప్రాణం. బ్రష్ ముందు పళ్ల వరకే. తల వెనక్కి వంచనివ్వడు, హోరుమనే యంత్రాలంటే చెవులు మూసుకుంటాడు. నొప్పి ఏదీ లేదు, మొదటి పరీక్షకు ఐదు వారాల వ్యవధి ఉంది.

మొదటి వారం పళ్ల జోలికి పోనక్కరలేదు. సోఫా మీద దిండ్లు ఎత్తుగా పెట్టి బాబును వాటికి ఆనించి, రోజుకొకటి తీస్తూ పోతారు. ఇతనికి లిఫ్టులు ఇష్టం కాబట్టి ఒక్కో దిండు ఒక్కో అంతస్తు. పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ అంకెలు చెబుతారు, మళ్లీ పైకి వస్తారు. వారం చివరికి దాదాపు వెల్లకిలా పడుకొని పది అంకెలు ఉండగలిగితే, సగం కుర్చీ గెలిచినట్లే. ఆట ఏదైనా బిడ్డ ఇష్టంలోంచే రావాలి. వేరొకరి బిడ్డకు పనిచేసిన ఆటను తెచ్చి అతికిస్తే అతకదు.

రెండో వారం నోరు. చేతి తొడుగు వేసుకున్న వేలిని చెంప మీద పది అంకెలు ఉంచడంతో మొదలుపెట్టాలి. మెత్తగా గిలిగింత పెట్టినట్లు తాకితే ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఎక్కువ ఇబ్బంది, స్థిరంగా కాస్త ఒత్తి పట్టుకుంటే తక్కువ. చెంప నుంచి పెదవికి, పెదవి నుంచి ముందు పళ్లకు, అక్కడి నుంచి పక్క పళ్లకు. దవడ పళ్ల దగ్గర వాంతి వచ్చినట్లు అయితే మళ్లీ పక్క పళ్లకు వచ్చి రెండు రోజులు అక్కడే ఉండాలి. పేస్టు మంటగా ఉందని ఏడిస్తే రుచీ నురగా లేని ఫ్లోరైడ్ పేస్టులు దొరుకుతాయి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. సాధన సమయంలో పేస్టు లేని బ్రష్ వాడవచ్చు కానీ, రోజువారీ బ్రషింగ్‌లో ఫ్లోరైడ్‌ను వారాల తరబడి మానేయకూడదు.

మూడో వారం అద్దం. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ నోటి అద్దాన్ని క్లినిక్ వాళ్లను అడిగి తెచ్చుకోవచ్చు. ముందు బాబు దాంతో అమ్మ పళ్లు లెక్కపెడతాడు. తర్వాత బొమ్మ పళ్లు. ఆ తర్వాతే తనవి. గోరువెచ్చని నీళ్లలో ముంచితే లోహపు అద్దం అయినా చల్లగా తగలదు, డాక్టర్‌ను కూడా అలాగే చేయమని అడగవచ్చు. ఇదే వారంలో శబ్దాలు మొదలుపెట్టాలి. పీల్చే గొట్టం చప్పుడు రికార్డు చేసుకుని, బాబు ఇష్టమైన ఆటలో ఉండగా, వినీ వినిపించనంత తక్కువగా వేరే గదిలోంచి వినిపిస్తారు. రోజుకు కొంచెం కొంచెం పెంచుతారు. చెవులు మూసే హెడ్‌ఫోన్లు ఇవ్వాలనుకుంటే వాటిని కూడా ఇంట్లోనే అలవాటు చేయాలి. అక్కడికి వెళ్లాక కొత్తగా తగిలిస్తే అవే మరో బాధ అవుతాయి.

ఎక్కడ పొరపాటు జరుగుతుందంటే, బాబు ఏడవడం లేదు కదా అని రెండేసి మెట్లు ఎక్కించడంలో. ఏడుపు చిట్టచివరి గుర్తు. అంతకన్నా ముందే భుజాలు చెవుల దాకా లేస్తాయి, కాలి వేళ్లు ముడుచుకుంటాయి, ఊపిరి బిగబడుతుంది, విన్న మాటనే పదేపదే అనడం ఎక్కువవుతుంది, లేదా ఉన్నట్టుండి మరీ కదలకుండా అయిపోతాడు. ఈ చివరిదాన్ని ‘బుద్ధిగా ఉన్నాడు’ అని మురిసిపోయే ప్రమాదం ఉంది. ఇవి కనిపిస్తే ఆ రోజు ఒక మెట్టు దిగి, తేలికైన పనితో ముగించాలి. సాధన రోజుకు ఐదు నిమిషాలు దాటకూడదు, గొడవతో మాత్రం ముగియకూడదు.

నాలుగో వారం బొమ్మల పట్టీ. క్లినిక్ తలుపు, కూర్చునే గది, కుర్చీ, దీపం, మాస్కుతో ఒకసారి, మాస్కు లేకుండా ఒకసారి డాక్టర్ ముఖం, చివరికి ఇంటికి వెళ్లే బండి: ఇవన్నీ ఆ చోటివే, అదే క్లినిక్‌వే ఫొటోలై ఉండాలి. ఎక్కడివో బొమ్మలు చూపించి, అక్కడికి వెళ్లాక కుర్చీ రంగు వేరుగా ఉంటే పట్టీ అబద్ధమైపోతుంది. ఒక్కో పని అయ్యాక బాబే ఆ ఫొటోను తీసి సంచిలో వేస్తాడు. మిగిలినవి ఎన్ని ఉన్నాయో కళ్లకు కనిపిస్తుంది. పట్టీతో పాటు ‘నేను కుర్చీలో పడుకుంటాను, డాక్టర్ పది లెక్కపెడతారు’ అనే తీరులో నాలుగైదు వాక్యాల కథ రాసి రోజూ చదివి వినిపించవచ్చు. ఇలాంటి కథల పద్ధతిని అమెరికా ఉపాధ్యాయురాలు క్యారల్ గ్రే 1990ల ఆరంభంలో రూపొందించారు. అందులో ‘నొప్పి ఉండదు’ అనే వాక్యం మాత్రం రాయకూడదు. ఆ మాట మనం ఇవ్వగలిగేది కాదు, పైగా ‘నొప్పి’ అన్న ఒక్క పదమే బిడ్డ చెవిలో మిగులుతుంది.

ఐదో వారంలో క్లినిక్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టర్ ఏ పనీ చేయరు. బాబు లోపలికి వస్తాడు, ఖాళీ కుర్చీ పైకీ కిందికీ కదలడం చూస్తాడు, వీలైతే మీట తానే నొక్కుతాడు, వెళ్లిపోతాడు. లిఫ్టుల పిచ్చి ఉన్నవాడికి ఇది పండగే. కొద్ది రోజులకు వెళ్లే రెండోసారి కుర్చీని ముందే వాల్చి ఉంచమని అడగాలి. అప్పుడు బాబు కదలని బల్ల మీదికి ఎక్కి పడుకున్నట్లు పడుకుంటాడు. తల కిందికి జారిపోతున్న ఆ మొదటి భావన అసలు రాదు. ఇంత సులువైన మార్పును చాలా క్లినిక్‌లలో ఎవరూ అడగకపోవడం వల్లే చేయరు. అద్దంతో ముందు పళ్లు పది అంకెలు, ఆపై దిగిపోవడం. మూడోసారికి దవడ పళ్లు, బాబు ఇంటి నుంచి తెచ్చుకున్న బ్రష్‌తోనే డాక్టర్ శుభ్రం చేయడం.

పీల్చే గొట్టం దగ్గర బాబు మళ్లీ చెవులు మూసుకున్నాడనుకుందాం. ఇంట్లో రికార్డు విన్నాడు కానీ, ఆ గొట్టం నాలుకను పట్టుకుని లాగుతుందని రికార్డు చెప్పలేదు. ఇక్కడ పట్టుబట్టడం కన్నా పని మార్చుకోవడమే మేలు. శుభ్రం చేయడానికి గొట్టం తప్పనిసరి ఏమీ కాదు. మధ్య మధ్య లేచి ఉమ్మివేయనిచ్చి, గుడ్డతో తుడవవచ్చు. తిరిగే రబ్బరు కప్పుతో రుద్దడం కూడా అంతే, వాయిదా వేయవచ్చు. పళ్లకు ఫ్లోరైడ్ పూత మాత్రం వదులుకోవద్దు. చిన్న కుంచెతో పూయడం కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కాకపోతే కొన్ని గంటలపాటు పళ్ల మీద జిగటగా, గరుకుగా ఉంటుంది. ఈ సంగతి పట్టీలో లేకపోతే, ఇంటికొచ్చాక గొడవ మొదలవుతుంది. ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

క్లినిక్‌కు వెళ్లే రోజుకు సంబంధించి తల్లిదండ్రుల పని ఇంచుమించు ముందుగా ఫోనులోనే ముగిసిపోవాలి. రోజులో మొట్టమొదటి సమయం అడగడం, వేచి ఉండకుండా బయట బండిలోనే ఉండి పిలిచాక లోపలికి వస్తామని చెప్పడం, ప్రతిసారీ అదే గది, వీలైతే అదే డాక్టర్, అదే సహాయకురాలు ఉండేలా చూడమనడం. లోపల ఒక్కరి గొంతే వినిపించాలి. డాక్టర్ ఒకవైపు నుంచి ‘నోరు తెరువు నాన్నా’, సహాయకురాలు మరోవైపు నుంచి ‘అంతే అంతే’, అమ్మ ‘భయపడకు’ అంటుంటే మూడు గొంతులూ కలిసి చప్పుడే అవుతాయి. లెక్కపెట్టేవాళ్లు ఎవరో ముందే తేల్చుకోవాలి, మిగతావాళ్లు మౌనంగా ఉండాలి. బిడ్డ కాళ్ల మీద బరువైన దుప్పటి వేసి, అమ్మో నాన్నో పాదాలను స్థిరంగా పట్టుకుంటే చాలామంది పిల్లలకు ఊరట. బాగా చిన్నపిల్లలైతే కుర్చీయే అక్కరలేదు. డాక్టర్, తల్లి మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ తల్లి వైపు తిరిగి ఒళ్లో కూర్చుని, తలను డాక్టర్ ఒళ్లోకి వాలుస్తుంది. తల్లి ముఖం కనిపిస్తూనే ఉంటుంది.

ఈ సన్నాహమంతా నొప్పి లేనప్పుడే వీలవుతుంది. నొప్పి ఉన్న బిడ్డకు ఐదు వారాల వ్యవధి ఉండదు. ఆటిజం ఉన్న కొందరు పిల్లలు పంటినొప్పిని చెప్పలేరు, కొందరికి తమ ఒంట్లో నొప్పి ఎక్కడుందో తెలియదు. దవడ మీద కొట్టుకోవడం, చొక్కా కాలర్ అదే పనిగా నమలడం, ఒకవైపే నమలడం, ఇష్టంగా తినేదాన్ని హఠాత్తుగా తోసేయడం, నిద్రలో లేవడం కొత్తగా మొదలైతే ‘ప్రవర్తన సమస్య’ అని ముద్ర వేసే ముందు నోరు చూపించాలి. చెంప వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ చూడాలి. మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైతే నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి.

పుచ్చు కనిపించినా, చీము, నొప్పి లేకపోతే డ్రిల్ లేకుండా ఆపే దారి ఒకటుంది. వెండి, ఫ్లోరైడ్ కలిసిన సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ ద్రావణాన్ని చిన్న కుంచెతో పుచ్చు మీద అద్దితే చాలా సందర్భాల్లో అది ముదరకుండా ఆగుతుంది. కానీ ఆ చోటు నల్లగా మారిపోతుంది, నోట్లో లోహపు చేదు రుచి ఉంటుంది, మళ్లీ మళ్లీ పూయాల్సి రావచ్చు. పంటి రంగు మారుతుందని ముందే చెప్పి అనుమతి తీసుకునే డాక్టర్‌ను నమ్మవచ్చు. పని పెద్దదైతే, చాలా పళ్లు ఒకేసారి బాగుచేయాల్సి వస్తే, ఆసుపత్రిలో పూర్తి మత్తు ఇచ్చి చేయడం తప్పకపోవచ్చు. దాన్ని తల్లిదండ్రుల ఓటమిగా చూడడం అన్యాయం.

గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఒకటి మాత్రం ఉంది: బిడ్డను కదలకుండా పట్టి ఉంచడం లేదా పట్టీలతో కట్టి ఉంచడం ఈ క్లినిక్‌లో చేస్తారా, చేస్తే ఎప్పుడు, ఎవరి అనుమతితో? కుర్చీలో బిడ్డ ఏడుస్తున్నప్పుడు కంగారుగా ఇచ్చే అనుమతి అనుమతి కాదు. ఫోనులోనే అడగాలి, వద్దనుకుంటే ముందే రాతపూర్వకంగా చెప్పాలి. బిడ్డ ఇష్టంతో కప్పుకున్న బరువైన దుప్పటికి, ఇష్టం లేకుండా బిగించిన పట్టీకి ఎంతో తేడా ఉంది. మొదటిది తీసేయమంటే తీసేస్తారు.

మూడోసారి వెళ్లి వచ్చిన రాత్రి, బాబు నిద్రపోయాక, బొమ్మల పట్టీ వెనక నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోవాలి: ఎన్ని పదులు పట్టాయి, ఏ పంటి దగ్గర భుజాలు లేచాయి, ఏ చప్పుడుకు చెవులు మూసుకున్నాడు, ఏది అడ్డు చెప్పకుండా చేయనిచ్చాడు. తర్వాతి పరీక్షను ఆరు నెలల తర్వాతకు పెడితే ఇతను కుర్చీని మరచిపోతాడు. మూడు నెలలకే పెట్టమని, అదీ పది నిమిషాల పరీక్షగానే ఉండాలని అడగవచ్చు. ఈలోగా దిండ్ల లిఫ్టు వారానికి ఒకసారి నడుస్తుంటే చాలు.